ఎనికేపాడు డెంటు ఫోటో: ఒక సర్వేయరు అనుభవం

విజయవాడలో మోటారు క్లెయిములు చూసే సర్వేయర్లకు ఆటోనగర్ రెండో ఇల్లు. నేనూ ఆ బాపతే. ఒకప్పుడు బండి షెడ్డుకొచ్చిందంటే వెళ్లి చూసి, మా కెమెరాతో మేమే ఫోటోలు తీసుకునేవాళ్లం. ఇప్పుడు చిన్న క్లెయిముల్లో చాలావాటికి ఆ పని లేదు. పాలసీదారు ఫోన్లోంచి నాలుగు ఫోటోలు పంపితే కంపెనీ వాళ్లే ఆఫీసులో కూర్చుని లెక్క కట్టేస్తున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఈ పద్ధతి ఎంత అవసరమో అందరం చూశాం. అన్ని బళ్ల దగ్గరికీ మనుషులు వెళ్లడం ఎవరి వల్లా కాదు. కాకపోతే ఫోటో మీదే అంతా నడిచినప్పుడు ఆ ఫోటో ఎప్పటిది, ఎక్కడిది అన్న ప్రశ్న కూడా దాని వెంటే వస్తుంది.

కిందటేడు నా దగ్గరికి వచ్చిన ఒక ఫైలు గురించి చెబుతాను. తెల్ల హ్యాచ్‌బ్యాక్, నాలుగేళ్ల బండి. 2025 జూన్ 17న మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో ఎనికేపాడు దగ్గర రోడ్డు పక్కన ఆపి ఉండగా ఏదో ఆటో ఎడమ వైపు రాసుకుంటూ పోయింది, నంబరు చూడలేదు, వెంటనే ఫోటోలు తీశాను అని యజమాని రాసిచ్చారు. వెనక డోరు, దాని వెనకున్న క్వార్టర్ ప్యానెల్ నొక్కుకుపోయాయి. షెడ్డు వాళ్ల ఎస్టిమేట్ ముప్పై ఎనిమిది వేల చిల్లర. మామూలుగా అయితే నాదాకా వచ్చే కేసు కాదు. క్లెయిమ్స్ విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి అనుమానపడి ఆపింది.

ఆమె ఫోన్ చేసి, "సార్, డెంటు అతికించిన బొమ్మలా ఉంది. ఈఎల్ఏ పెట్టి చూశాను, డోరు మీద గీత ఒక్కటే తెల్లగా మెరుస్తోంది" అంది.

ఈఎల్ఏ అంటే ఫోటోను మళ్లీ ఒకసారి జేపెగ్‌గా కుదించి, మొదటిదానికీ దీనికీ ఎక్కడెక్కడ తేడా వచ్చిందో వెలుతురుగా చూపించే పద్ధతి. వేరేచోటి నుంచి తెచ్చి అతికించిన ముక్క అయితే అది కుదింపులో మిగతా బొమ్మలా ప్రవర్తించకపోవచ్చు, అందుకని మెరుస్తుంది. సిద్ధాంతం బాగానే ఉంది. కానీ ఎక్కడ పదునైన అంచు ఉంటే అక్కడ కూడా అది మెరుస్తుంది. నున్నటి తెల్ల డోరు మీద నల్లటి గీత కన్నా పదునైన అంచు ఏముంటుంది? పైగా వాట్సాప్ ఒకసారి మొత్తం ఫోటోను తన లెక్కలో కుదించేశాక, అతుకు తాలూకు తేడా ఏదైనా ఉన్నా చాలావరకు చెరిగిపోతుంది. నా బండికి గేటు తగిలి పడ్డ గీత ఒకటి ఉంది, దాన్ని ఫోటో తీసి, వాట్సాప్‌లో మా అబ్బాయికి పంపించి, వెనక్కి తెప్పించుకుని అదే పరీక్ష పెట్టాను. అదీ అలాగే మెరిసింది. రెండూ పక్కపక్కన పెట్టి ఆ అమ్మాయికి పంపించాను. "అయితే అనుమానం వదిలేయమంటారా సార్?" అంది. వదిలేయొద్దమ్మా, ఈ కారణం మాత్రం ఫైల్లో రాయొద్దు అన్నాను.

నిజానికి నాకు అనుమానం వేరే చోట మొదలైంది. నాలుగు ఫోటోల్లో మూడు బండిని ముందు నుంచి, వెనక నుంచి, నంబరు ప్లేటుతో చూపిస్తున్నాయి. దెబ్బ కనిపించేది ఒక్కదాంట్లోనే. అది పక్క నుంచి తీసింది, అందులో నంబరు ప్లేటు లేదు. మూడింటి కొలత 1600 x 1200. డెంటు ఉన్నది మాత్రం 1600 x 1040. ఫోన్ కెమెరా మామూలుగా నాలుగుకు మూడు నిష్పత్తిలో తీస్తుంది, వాట్సాప్ మామూలు నాణ్యతలో పంపితే పొడవు వైపు 1600కి తగ్గిస్తుంది. కాబట్టి ఈ నాలుగో దాన్ని ఎవరో కోశారు. కోయడం నేరం కాదు. మనమంతా కోస్తాం. కానీ పైభాగం పోవడంతో బండి వెనకాల ఏముందో తెలియకుండా పోయింది. అది ఎనికేపాడో ఇంకో ఊరో చెప్పే ఆధారం ఉంటే గింటే అక్కడే ఉండాలి.

ఫైలు పేరు IMG-20250618-WA0021.jpg. ఆఫీసు నోట్‌లో ఎవరో "ఫోటో తేదీ 18-06-2025" అని రాసి పెట్టారు. వాట్సాప్ ఇచ్చే ఆ పేరులోని తేదీకీ ఫోటో తీసిన రోజుకీ సంబంధం లేదు. పదేళ్ల కిందటి పెళ్లి ఫోటోను ఇవాళ ఫార్వర్డ్ చేసినా ఇవాళ్టి తేదీతోనే కూర్చుంటుంది. ఆ నోట్ కొట్టేయించాను.

అసలు ఫైలు కావాలని యజమానిని అడిగాను. గవర్నర్‌పేటలో చిన్న వ్యాపారం ఆయనది, మర్యాదగానే మాట్లాడారు. ఫోటోను వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని, గ్యాలరీలో ఎడిట్ చేయని కాపీ ఉంటే అదే కావాలని చెప్పాను. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. కెమెరా రాసిపెట్టిన వివరాలు, అంటే తీసిన సమయం, ఫోన్ మోడలు, లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు, అన్నీ అందులోనే ఉంటాయి. వచ్చిన ఫైలు ఏదైనా సరే, తెరిచి చూడకముందే నేను చేసే పని ఇది:

```
sha256sum IMG-20250618-WA0021.jpg
exiftool -a -G1 -s IMG-20250618-WA0021.jpg
```

మొదటి లైను ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి ఒక పొడవాటి అంకె ఇస్తుంది. తర్వాత ఎవరైనా అందులో ఒక్క చుక్క మార్చినా ఆ అంకె మారిపోతుంది. రేపు కన్స్యూమర్ కమిషన్‌లో "మేం ఇచ్చిన ఫోటో ఇది కాదు" అన్న మాట రాకుండా ముందే రాసి పెట్టుకోవాలి. రెండో లైను లోపలి వివరాలు మొత్తం బయటపెడుతుంది.

ఆయన పంపిన "అసలు" ఫైలు కూడా 1600 x 1040 ఉంది. తీసిన సమయం చెప్పే DateTimeOriginal లేదు, ఫోన్ పేరు లేదు, ఏమీ లేదు. అంటే అది కూడా ఎప్పుడో ఒకసారి వాట్సాప్ గుండా వచ్చిన కాపీయే. "ఫోన్ నిండిపోయింది సర్, పాతవి డిలీట్ చేశాను" అన్నారు. దాన్ని తప్పు పట్టడానికి లేదు. వివరాలు లేని ఫోటో అంటే దొంగ ఫోటో అని రాసే సర్వేయర్లున్నారు. ఆ లెక్కన మన ఫోన్లలో ఉన్న ఫోటోల్లో సగం దొంగవే. వివరాలు ఉన్నా కూడా అవి నిజమేనని నమ్మడానికి లేదు, పైన చెప్పిన exiftool తోనే వాటిని మార్చేయొచ్చు. కాబట్టి ఫైలు దగ్గర దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది ఫోటోలో కనిపించేది.

కనిపించిన వాటిలో మొదటిది నీడ. విజయవాడ పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్ మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు, మనకు మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడే రోజులవి. పన్నెండున్నరకు అయిదడుగుల ఎత్తు బండికి నీడ జానెడు మించదు. ఫోటోలో బండి పక్కన పడ్డ నీడ చూస్తే దాదాపు బండి ఎత్తంత ఉంది. అంత నీడ జూన్‌లో పడాలంటే పొద్దున తొమ్మిదన్నా కావాలి, మధ్యాహ్నం మూడుంబావన్నా కావాలి. లేదంటే అది డిసెంబరు మధ్యాహ్నం అయినా కావచ్చు, అప్పుడు సూర్యుడు దక్షిణాన బాగా కిందికి ఉంటాడు కాబట్టి.

ఇదే మాట ఆయన్ని అడిగాను. "మూడు గంటలేమో సర్, కంగారులో పన్నెండున్నర అని రాశాను" అన్నారు. అనొచ్చు. నీడకున్న బలం అంతే. చెప్పిన సమయం తప్పని చూపించగలదు గానీ, సరైన సమయం ఏదో ఖాయంగా చెప్పలేదు. రోడ్డు వాలుగా ఉంటే ఆ లెక్క కూడా అటూ ఇటూ అవుతుంది.

అప్పుడు పాలసీ కాగితాలు ముందేసుకున్నాను. ఫోటో పరిశీలన అంటే కంప్యూటర్ ముందు కూర్చోవడమే అనుకుంటారు గానీ, నాకు దారి దొరికింది ప్రీమియం లెక్క కాగితంలో. పాత పాలసీ మే మొదటి వారంలో వేరే కంపెనీలో ముగిసింది. మధ్యలో కొన్ని రోజులు ఖాళీ వచ్చింది, మే చివర్లో ఈ కంపెనీలో కొత్తగా తీసుకున్నారు. కొత్త పాలసీలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా. నాలుగేళ్ల బండికి, పాత పాలసీలో బోనస్ ఉన్న బండికి, ఇప్పుడు సున్నా ఎందుకైంది? గడువు దాటి తొంభై రోజులైతే బోనస్ పోతుంది, ఇక్కడ అన్ని రోజులు కాలేదు కాబట్టి ఆ కారణంగా పోలేదు. పాత పాలసీ నడుస్తుండగా ఎప్పుడో క్లెయిమ్ అయింది కనుకే పోయింది. ఆ విషయం ఆయన దాచలేదు, ప్రపోజల్‌లో ఉన్నదున్నట్టే రాశారు. మా వాళ్లెవరూ ఆ గడి వైపు చూడలేదంతే.

పాత కంపెనీకి ఉత్తరం రాసి ఆ క్లెయిమ్ ఫోటోలు, అసెస్‌మెంట్ షీటు తెప్పించమన్నాను. వచ్చాయి. 2024 డిసెంబరు. ఎడమ వెనక డోరు, క్వార్టర్ ప్యానెల్. రిపేరు చేయించకుండా నగదుగా సెటిల్ చేసుకున్నారు. దీన్ని మా భాషలో క్యాష్ లాస్ అంటారు. దెబ్బ బండి మీదే ఉంటుంది, డబ్బు ఖాతాలో పడుతుంది. కానీ అది చట్టప్రకారం ఒక పద్ధతే, తప్పేమీ కాదు.

క్లెయిమ్స్ విభాగం అమ్మాయి సంబరంగా కొత్త ఫోటోను, పాత ఫోటోలను డూప్లికేట్ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసింది. పోలిక లేదని చెప్పింది సాఫ్ట్‌వేర్. దానికి కారణం ఉంది. ఆ సాఫ్ట్‌వేర్లు ఫోటోను బాగా చిన్నది చేసి, వెలుగు చీకట్ల అమరికను ఒక అంకెగా మార్చి పోలుస్తాయి. అదే ఫోటోను కొంచెం కోసినా, వెలుతురు పెంచినా చాలాసార్లు పట్టేస్తాయి. కానీ ఇది అదే ఫోటో కాదు. పాతది ముందు ఎడమ మూల నుంచి ఏటవాలుగా తీసింది, కొత్తది పక్క నుంచి నేరుగా తీసింది. ఒకే పూట నాలుగైదు కోణాల్లో తీసుకుని, అప్పట్లో వాడకుండా మిగిలిన దాన్ని ఇప్పుడు వాడితే ఏ సాఫ్ట్‌వేరూ డూప్లికేట్ అనదు.

రెండూ ఒకే పూట తీసినవా కాదా అన్నది చక్రాలు చెప్పాయి. గాలి కొట్టే వాల్వు ఉంటుంది కదా, చక్రం ఆగినప్పుడు అది ఎక్కడుందో గడియారపు ముల్లులా చూడండి. కొత్త ఫోటోలో ముందు చక్రం వాల్వు నాలుగు గంటల దగ్గర, వెనకది ఏడు దగ్గర ఉన్నాయి. డిసెంబరు ఫోటోలోనూ ముందుది నాలుగు, వెనకది ఏడు. బండి మలుపు తిరిగినప్పుడల్లా ముందు చక్రం, వెనక చక్రం వేర్వేరు దూరాలు దొర్లుతాయి, కాబట్టి వాటి మధ్య అమరిక రోజూ మారుతూనే ఉంటుంది. పన్నెండు స్థానాలని లెక్కేస్తే, ఆరు నెలలు తిరిగిన బండి మళ్లీ సరిగ్గా అదే జతలో ఆగే అవకాశం 144లో ఒకటి. 144లో ఒకటంటే అసలు జరగనిదేమీ కాదు, అందుకని ఒక్క దాంతో ఆగలేదు. వెనక మడ్‌ఫ్లాప్ మీద ఎండిన బురద చారలు రెండింట్లోనూ ఒకే తీరుగా ఉన్నాయి. వెనక డోరు అద్దం రబ్బరులో ఇరుక్కున్న ఎండు వేపాకు కూడా రెండింట్లో ఒకే చోట ఉంది. వాల్వు కలవొచ్చు, బురద కలవొచ్చు, ఆకు కూడా కలవాలంటే మాత్రం కష్టం.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. కొత్త కంపెనీ పాలసీ ఇచ్చేముందు, మధ్యలో గ్యాప్ వచ్చింది కాబట్టి, మే నెలలో బండిని ఇన్‌స్పెక్షన్ చేయించింది. ఆ ఫోటోల్లో ఎడమ డోరు తళతళలాడుతోంది. ఒక్క గీత లేదు. యజమాని తరఫున వచ్చిన ఆయన బావమరిది దీన్నే పట్టుకున్నారు. "చూడండి సర్, డిసెంబరు దెబ్బ మేం బాగు చేయించుకున్నాం. మేలో మీవాళ్లే శుభ్రంగా ఉందని పాస్ చేశారు. జూన్‌లో మళ్లీ అక్కడే తగిలింది. ఫోటో పొరపాటున పాతది వచ్చి ఉండొచ్చు గానీ, దెబ్బ అయితే కొత్తదే కదా!" అన్నారు. న్యాయంగా ఆలోచిస్తే ఆ మాటకు జవాబు కావాలి. ఫోటో పాతదని తేలినంత మాత్రాన దెబ్బ పాతదని కాదు.

జవాబు బండి దగ్గరే దొరుకుతుంది. ఆటోనగర్ షెడ్డుకు వెళ్లాను. పనివాడు కుర్రాడు, "అన్నా, విప్పమంటారా?" అని స్పానర్లు తీశాడు. వద్దని చెప్పి పెయింటు మందం కొలిచే మీటరు తీశాను. అరచేతిలో పట్టేంత పరికరం, రేకుకు ఆనిస్తే పైన రంగు ఎన్ని మైక్రాన్ల మందం ఉందో చెబుతుంది. కంపెనీ రంగు మామూలుగా నూరు, నూట యాభై మైక్రాన్ల లోపు ఉంటుంది. డెంటు లాగి, లప్పం పెట్టి, మళ్లీ రంగు కొడితే అది రెండు మూడు వందలు దాటిపోతుంది, లప్పం ఎక్కువ పెట్టిన చోట వేలల్లోకి కూడా వెళ్తుంది. ముందుగా దెబ్బ లేని కుడి డోరు మీద కొలిచాను, నూట పది నుంచి నూట ముప్పై దాకా వచ్చింది. తర్వాత ఎడమ డోరు మీద డెంటు చుట్టూ, పైనా కిందా, క్వార్టర్ ప్యానెల్ మీద కూడా కొలిచాను. అక్కడా అదే వరస. డోరే కొత్తది వేశారేమోనని కీళ్ల బోల్టులు చూస్తే వాటి మీద కంపెనీ రంగు చెక్కుచెదరలేదు, స్పానర్ పడ్డ గుర్తు లేదు.

అంటే ఆ డోరు ఎప్పుడూ బాగు కాలేదు. బాగు కాని డోరు మీద డిసెంబరులో దెబ్బ ఉంటే, మేలో లేకుండా ఉండే వీల్లేదు.

అప్పుడు మే ఇన్‌స్పెక్షన్ ఫోటోను బాగా పెద్దది చేసి చూశాను. డోరు మీద ఎదురుగా ఉన్న ప్రహరీ గోడ ప్రతిబింబం పడింది. ముందు డోరు మీద తిన్నగా వచ్చిన ఆ గోడ గీత వెనక డోరు మధ్యకు రాగానే మాయమై, ఒక బెత్తెడు తర్వాత మళ్లీ మొదలైంది. ఆ బెత్తెడు మేర డోరు మీద ఉన్న మూడు దుమ్ము చుక్కలు, కింద ఇంకోచోట అవే మూడు చుక్కలుగా, అదే ఎడంతో ఉన్నాయి. మచ్చ లేని రేకు ముక్కను కాపీ చేసి దెబ్బ మీద కప్పినప్పుడు ఇలాంటి జంట చుక్కలు మిగులుతాయి. దుమ్ము అంత క్రమశిక్షణగా రెండు చోట్ల పడదు. ఆ ఇన్‌స్పెక్షన్ ఫోటోలు యాప్‌లోని లైవ్ కెమెరాతో తీసినవి కావని, ఎవరో గ్యాలరీలోంచి వాట్సాప్‌లో పంపగా ఫైల్లో పెట్టారని తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి అనుమానపడింది క్లెయిమ్ ఫోటోను, చెయ్యి పడింది ఇన్‌స్పెక్షన్ ఫోటో మీద.

రిపోర్టులో మోసం అన్న మాట నేను వాడలేదు. అది తేల్చే అధికారం నాది కాదు, ఆ ఎడిటింగ్ చేసింది యజమానా, మధ్యవర్తా అన్నది నాకు తెలిసే దారి లేదు. క్లెయిమ్ ఫోటో, డిసెంబరు ఫోటో ఒకే సందర్భంలో తీసినవిగా ఉన్నాయని, కారణాలివని రాశాను. ప్యానెళ్లకు రిపేరు జరిగిన ఆనవాలు లేదని మీటరు అంకెలతో సహా రాశాను. ఇన్‌స్పెక్షన్ ఫోటోలో వెనక డోరు భాగం మార్చినట్టుందని, చుక్కలను వృత్తాలు గీసి చూపించాను. ఈఎల్ఏ బొమ్మ జతచేయలేదు, నీడ లెక్కకు ఒక్క వాక్యం ఇచ్చి దాని పరిమితి కూడా రాశాను. ఫైళ్లకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్ జతచేయించాను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టంలోని నమూనాలో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఆ వేలిముద్ర లాంటి అంకె, రాయడానికి చోటుంది, మొదటి రోజే sha256sum తీసి పెట్టుకున్నది అక్కడ పనికొచ్చింది.

కంపెనీ వివరణ కోరుతూ ఆయనకు ఉత్తరం పంపింది, రిపోర్టు కాపీ జతచేసి. వివరణ రాలేదు. క్లెయిమ్ వెనక్కి తీసుకుంటున్నానని రెండు లైన్ల కాగితం వచ్చింది. షెడ్డు వాళ్లు పార్కింగ్ చార్జీ ఎవరిస్తారని నాకు ఫోన్ చేశారు. బండి ఎవరిదో వాళ్లనే అడగండి అన్నాను.